పిసుకుడులో పుట్టే గ్లూటెన్

గోధుమపిండిలో గ్లూటెన్ సిద్ధంగా ఉండదు. పిండిలో ఉండేవి దానికి ముడిసరుకైన రెండు రకాల ప్రొటీన్లు. ఒకటి గ్లయాడిన్, రెండోది గ్లుటెనిన్. పొడిపిండిలో ఇవి పిండిపదార్థపు రేణువుల మధ్య గట్టిగా, గాజుపెంకులా బిగుసుకుని ఉంటాయి. నీళ్లు తగిలినప్పుడు మెత్తబడి ఒకదానికొకటి అంటుకుంటాయి. ఆ తడిముద్దను చెయ్యో యంత్రమో లాగి, మడిచి, నొక్కుతూ పోతే సాగే గుణమూ, సాగాక వెనక్కి లాక్కునే గుణమూ రెండూ ఉన్న పొరగా మారతాయి. ఆ పొర పేరే గ్లూటెన్. బ్రెడ్డు ముక్కను విరిచినప్పుడు లోపల కనిపించే తెల్లటి మెత్తటి భాగాన్ని బేకరీ పనివాళ్లు క్రంబ్ అంటారు. అది దూదిలా ఉందా, రంపపుపొట్టులా రాలుతోందా అన్నది చాలావరకు ఈ పొర మీదే ఆధారపడుతుంది.

గుంటూరు, ప్రకాశం మైదానాల్లో ప్రత్తి, మిరప, పొగాకు, శనగ, కంది పండుతాయి. గోధుమ చెప్పుకోదగ్గంతగా పండదు. ఇక్కడి పాత మెట్టతిండి జొన్న, సజ్జ. జొన్నపిండిలోనూ ప్రొటీను ఉంది, మైదాకు దగ్గరగానే ఉంది. అయినా జొన్నపిండిని ఎంతసేపు పిసికినా సాగదు. జొన్నలోని ప్రధాన ప్రొటీన్లు కాఫిరిన్లు. అవి గింజలో చిన్నచిన్న గుళికలుగా మూసుకుని ఉంటాయి, నీటిని పెద్దగా పీల్చవు, ఒకదాన్నొకటి పట్టుకుని పొరగా అల్లుకోవు. అందుకే జొన్నరొట్టెకు మరుగునీళ్లు పోస్తారు. ఆ వేడికి పిండిపదార్థం కొంత ఉడికి జిగురవుతుంది, రొట్టెను పట్టి ఉంచేది ఆ జిగురే. అప్పడాల కర్రతో ఒత్తితే అంచులు పగులుతాయి కాబట్టి అరచేత్తో తట్టి పలచన చేస్తారు. పొంగే బ్రెడ్డు జొన్నతో రాకపోవడానికి కారణం ఇదే. ఊదిన గాలిని ఆపే పొర అందులో లేదు.

గుంటూరులో, చిలకలూరిపేటలో, ఒంగోలులో బేకరీకి వచ్చే మైదా ఉత్తరాది గోధుమ. రోలర్ మిల్లులో తవుడు, మొలక తీసేసి, గింజ లోపలి తెల్లటి భాగాన్ని మాత్రమే పొడి చేస్తే మైదా. మన ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం మైదాలో ఎండు గ్లూటెన్ 7.5 శాతానికి తగ్గకూడదు. ఇది కనీసపు హద్దు మాత్రమే. బిస్కెట్టుకు ఆ మాత్రం చాలు. మంచి బ్రెడ్డుకు 9, 10 శాతం దాకా ఉన్న పిండి కావాలి. అయితే ఎంత ఉంది అన్నదొక్కటే సరిపోదు, ఎలాంటిది ఉంది అన్నదీ లెక్కలోకి వస్తుంది. ఒకే శాతం గ్లూటెన్ ఉన్న రెండు బస్తాల్లో ఒకటి బాగా పొంగి, రెండోది చతికిలపడటం బేకరీల్లో మామూలే. గ్లుటెనిన్‌లో పెద్ద అణువుల రకాలు కొన్ని ఉంటాయి. ఏ రకాలు ఉండాలో గోధుమ వంగడపు వారసత్వం నిర్ణయిస్తుంది. చపాతీకి మెత్తగా సాగే గోధుమ బ్రెడ్డుకు బలంగా నిలబడకపోవచ్చు.

బస్తాలోని పిండి ఏపాటిదో తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. 100 గ్రాముల మైదాను 55, 60 మిల్లీలీటర్ల నీళ్లతో గట్టి ముద్దగా కలిపి అరగంట గిన్నెలో మూతపెట్టి ఉంచాలి. తరవాత ఆ ముద్దను గిన్నెడు నీళ్లలో మెల్లగా నలుపుతూ కడగాలి. నీళ్లు పాలలా తెల్లబడతాయి. ఆ తెలుపు పిండిపదార్థం. నీళ్లు మారుస్తూ తేటపడే దాకా కడిగితే చేతిలో బూడిదరంగు పసుపు కలిసిన రబ్బరులాంటి ముద్ద మిగులుతుంది. మంచి పిండి అయితే అది 27, 30 గ్రాములు తూగుతుంది. అందులో దాదాపు మూడింట రెండొంతులు నీరే, ఎండబెడితే 9, 10 గ్రాములు మిగులుతుంది. రెండు చేతులతో లాగితే అది సాగి, వదిలితే కొంత వెనక్కి రావాలి. సాగకుండా తెగితే పిండి మరీ మొండిది. కారిపోతూ వెనక్కి రాకపోతే బలహీనమైనది. ఇటలీలోని బొలోన్యా నగరపు వైద్యుడు జాకోపో బెక్కారి ఇలాగే కడిగి గ్లూటెన్‌ను వేరు చేశాడు. ఆ సంగతిని 1728లో అక్కడి విద్వత్సభకు వినిపించాడు, అది 1745లో అచ్చయింది. మాంసంలో ఉండేలాంటి పదార్థం మొక్కలోనూ ఉందని చూపడం అప్పట్లో ఆశ్చర్యం కలిగించింది. అమెరికాలో థామస్ ఆస్‌బర్న్ 1907లో గోధుమ ప్రొటీన్ల మీద పుస్తకం ప్రచురించే నాటికి గ్లయాడిన్, గ్లుటెనిన్ అన్న విభజన స్థిరపడింది. మద్యసారం కలిపిన నీటిలో కరిగేది గ్లయాడిన్, కరగక మిగిలేది గ్లుటెనిన్.

ఈ రెండింటి పని వేరు. గ్లయాడిన్ అణువులు చిన్నవి, తమలో తాము ముడుచుకుని విడివిడిగా ఉంటాయి. తడిపి విడిగా చూస్తే చిక్కటి పాకంలా జారుతాయి. ముద్దకు సాగే గుణాన్ని ఇచ్చేవి ఇవే. గ్లుటెనిన్ చాలా పొడుగు గొలుసు. అనేక ప్రొటీన్ ముక్కలు గంధకపు బంధాలతో తల తోక కలుపుకుని ఏర్పడిన ఆ గొలుసు ప్రకృతిలో దొరికే అతిపెద్ద అణువుల్లో ఒకటి. వెనక్కి లాగే బలం దానిది. గ్లయాడిన్ ఒక్కటే ఉంటే ముద్ద కారిపోతుంది, గ్లుటెనిన్ ఒక్కటే ఉంటే సాగకుండా తెగుతుంది. బ్రెడ్డుకు రెండూ కావాలి.

ఇక పిసకడం. నీళ్లు కలిపిన తొలి నిమిషాల్లో ముద్ద గరుకుగా, గడ్డలుగడ్డలుగా, గిన్నెకూ చేతికీ అంటుకుంటూ ఉంటుంది. నిజానికి ఏమీ చెయ్యకపోయినా తడిసిన పిండిలో ప్రొటీన్ పోగులు వాటంతటవే బయటికి సాగి కలుసుకోవడం మొదలవుతుంది. పూరీపిండిని కలిపి కాసేపు పక్కన పెడితే నున్నబడటానికి కారణం ఇదే. అయితే ఆ పోగులు అన్ని దిక్కులా చిందరవందరగా ఉంటాయి. చెట్టు నుంచి తీసిన ప్రత్తిని ఏకి, పోగులను ఒకే దిక్కుకు తెచ్చి, ఒకదాని మీద ఒకటి పడేలా లాగితేనే దారానికి బలం వస్తుంది. ముద్దలో పిసుకుడు చేసే పని దాదాపు అదే. లాగినప్పుడు గొలుసులు నిటారుగా సాగుతాయి, మడిచినప్పుడు పొర మీద పొర పడుతుంది, నొక్కినప్పుడు పక్కపక్క గొలుసులు చిక్కుకుంటాయి. ప్రత్తిలో లేనిది ఇక్కడ ఇంకోటి ఉంది. సాగిన గొలుసుల్లో గంధకపు బంధాలు కొన్ని తెగి, వేరే చోట మళ్లీ కలుస్తాయి. బిగువు ఎక్కువైన చోట వదిలి, వదులుగా ఉన్న చోట పట్టుకోవడంతో వల సర్దుకుంటూ పోతుంది. గాలిలోని ఆక్సిజన్ ఈ సర్దుబాటుకు తోడ్పడుతుంది.

చేత్తో అయితే ఇదంతా 15, 20 నిమిషాల పని, మిక్సర్‌లో నిదానంగా 3 నిమిషాలు, వేగంగా ఇంకో 8, 10 నిమిషాలు. గడియారం కన్నా ముద్దే మంచి సూచిక. మొదట గిన్నెను పట్టుకుని ఉన్న ముద్ద ఒక దశలో గోడలను వదిలి కొక్కేనికి చుట్టుకుంటుంది, పైభాగం నున్నబడి కాస్త మెరుస్తుంది. అప్పుడు నిమ్మకాయంత ముక్క తీసి రెండు చేతుల వేళ్లతో నాలుగు వైపులా మెల్లగా లాగి చూడాలి. వెలుతురు కనిపించేంత పలచగా చిరగకుండా సాగితే గ్లూటెన్ తయారైనట్టు. సాగేలోపే గరుకు అంచులతో చిరిగిపోతే ఇంకా పని ఉంది. చిరిగినా చిల్లు అంచు నున్నగా గుండ్రంగా ఉంటే దగ్గరకొచ్చినట్టు. ఈ పరీక్ష తెలిసిన పనివాడికి టైమర్ అక్కర్లేదు.

ఆ దశ దాటాక కూడా మిక్సర్ తిరుగుతూ ఉంటే పని తిరగబడుతుంది. గొలుసులు కొత్తగా కలిసే వేగం కన్నా తెగే వేగం ఎక్కువై, గ్లుటెనిన్ చిన్న ముక్కలుగా విరిగిపోతుంది. ముద్ద మెరుపు మరీ పెరిగి తడితడిగా, బంకలా అవుతుంది, ఎత్తితే దారాలుగా సాగి కిందికి జారుతుంది. చేత్తో ఈ స్థితి రావడం దాదాపు అసాధ్యం, ముద్దకన్నా ముందు చెయ్యి అలిసిపోతుంది. వేగంగా తిరిగే మిక్సర్‌లో బలహీనమైన పిండికి రెండు మూడు నిమిషాల అజాగ్రత్త చాలు. కొంచెం మీరిన ముద్ద పక్కన పెడితే కొంత కోలుకుంటుంది, పూర్తిగా విరిగినది కోలుకోదు.

పరోటా మాస్టరు చేసే పని ఇదే పదార్థంతో, కానీ లక్ష్యం వేరు. మైదాను మెత్తగా కలిపి, నూనె రాసి, గంటల తరబడి నాననిస్తాడు. ఆ విశ్రాంతిలో గొలుసుల బిగువు సడలుతుంది. అందుకే ముద్దను బల్ల మీద కొట్టి గాలిలో విసిరితే రుమాలులా సాగుతుంది, వెనక్కి ముడుచుకోదు. బ్రెడ్డుకు ఆ సడలింపు కొంతే కావాలి, గ్యాసును గంటసేపు మోసే బిగువు మిగలాలి. ముక్కలు కోసి ఉండలు చేశాక 10, 15 నిమిషాలు ఆపి, ఆ తరవాతే అచ్చుకు చుట్టడం ఇందుకే. ఆపకుండా చుడితే ముద్ద వెనక్కి లాగి పైపొర చిరుగుతుంది.

క్రంబ్ విషయంలో పిసుకుడు చేసే రెండో పని మొదటిదాని కన్నా తక్కువ ప్రచారంలో ఉంది, కానీ ప్రాముఖ్యం తక్కువ కాదు. బ్రెడ్డులోని గదులను ఈస్ట్ పుట్టిస్తుందని చాలామంది నమ్మకం. ఈస్ట్ గ్యాసును పుట్టిస్తుంది, గదిని పుట్టించదు. ఈస్ట్ వదిలే కార్బన్ డయాక్సైడ్ మొదట ముద్దలోని నీటిలో కరుగుతుంది. నీరు దాన్ని మోయలేనంత అయ్యాక అది కొత్త బుడగను తెరవలేదు, అంత చిన్న బుడగ తెరవడానికి చాలా ఒత్తిడి కావాలి. అప్పటికే ఉన్న గాలిబుడగలోకి చొరబడి దాన్ని పెద్దది చెయ్యడం తేలిక. ఆ తొలి బుడగలు పిసికేటప్పుడు ముద్ద మడతల్లో చిక్కిన గాలి. వాటిలోని ఆక్సిజన్‌ను ఈస్ట్ త్వరగా వాడేసుకుంటుంది, నత్రజని మిగిలి బుడగను నిలుపుతుంది. 1941లో బేకర్, మైజ్ అన్న ఇద్దరు అమెరికన్ పరిశోధకులు గాలి తీసేసిన స్థితిలో పిండి కలిపి దీన్ని తేల్చారు. గాలి లేకుండా కలిపిన ముద్ద పొంగినా లోపల కొద్ది గదులే, అవీ పెద్దవిగా వచ్చాయి.

దీన్నుంచి తేలేది ఇది. క్రంబ్‌లో ఎన్ని గదులు ఉండవచ్చో పై హద్దు మిక్సర్ ఆగేసరికే దాదాపు నిర్ణయమైపోతుంది. తరవాత ఆ సంఖ్య తగ్గుతూ పోతుంది, ఎందుకంటే చిన్న బుడగ పెద్దదానిలో కలిసిపోతుంది, పలచని గోడ చిరిగి రెండు గదులు ఒకటవుతాయి. మొదటి పొంగు తరవాత ముద్దను నొక్కి గాలి తీయడం, బేలన్ లేదా షీటర్‌తో పలచన చేసి చాపలా చుట్టడం వల్ల పెద్ద బుడగలు చీలి సంఖ్య కొంత పెరుగుతుంది. శాండ్‌విచ్ బ్రెడ్డుకు సన్నని, సమానమైన గదులు కావాలి కాబట్టి ఈ మెట్టును వదలకూడదు. గ్లూటెన్ పొర బాధ్యత అక్కడి నుంచి మొదలవుతుంది. బుడగ ఉబ్బేకొద్దీ గోడ పలచనవుతుంది. ఎక్కువ పలచబడిన చోటే గట్టిపడే స్వభావం పొరకు ఉంటే, సాగుడు ఆ ఒక్క చోట ఆగి పక్క భాగానికి పాకుతుంది, గోడ అంతటా సమానంగా పలచబడుతుంది. బాగా పిసికిన గ్లూటెన్‌లో ఈ స్వభావం ఉంటుంది. అరకొరగా పిసికితే ఉండదు, గోడ బలహీనమైన చోట చటుక్కున చిరుగుతుంది. కొలిమిలో పెట్టకముందే ముద్ద ఘనపరిమాణంలో అధికభాగం గ్యాసే, కాబట్టి గోడలు ఎంతసేపు నిలుస్తాయన్నదే క్రంబ్ తీరు.

ఇంతవరకు చెప్పింది ఏ ఊరికైనా వర్తిస్తుంది. గుంటూరు, ప్రకాశం మైదానాల్లో దానికి అదనంగా వచ్చే చిక్కు ఎండ. పల్నాడులోని రెంటచింతల రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రతలు నమోదయ్యే ఊళ్లలో ఒకటిగా పేరుపడింది, మే నెలలో చుట్టుపక్కల ఊళ్లూ తక్కువ తినవు. బేకరీ లోపల కొలిమి వేడి అదనం. గ్లూటెన్ మంచి స్థితిలో ఉండి, ఈస్ట్ అదుపులో ఉండాలంటే పిసకడం పూర్తయ్యాక ముద్ద 26 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలి. పిండి వేడి, గది వేడి, నీళ్ల వేడితోపాటు మిక్సర్ రాపిడి కూడా ముద్దను వేడెక్కిస్తుంది. ఆ రాపిడి చిన్నదేమీ కాదు. 1961లో ఇంగ్లండులోని చోర్లీవుడ్‌లో రూపొందిన అతివేగపు పద్ధతిలో కిలో ముద్దకు 11 వాట్-గంటల శక్తిని ఐదు నిమిషాలలోపే ఇస్తారు. ఆ ఒక్క పనికే ముద్ద దాదాపు 14 డిగ్రీలు వేడెక్కుతుంది. మామూలు బేకరీ మిక్సర్‌లో పెరుగుదల అంతకన్నా చాలా తక్కువ, కానీ లెక్కలోంచి తీసేసేంత తక్కువ కాదు.

లెక్క ఇలా నడుస్తుంది. ఒక చలికాలపు రోజున పిండి 26, గది 27, నీళ్లు 24 డిగ్రీలు ఉన్నాయనుకుంటే, పిసికాక ముద్ద 29 డిగ్రీలు వచ్చిందంటే, 29ని మూడుతో గుణిస్తే 87, అందులోంచి మూడు ఉష్ణోగ్రతల మొత్తం 77 తీసేస్తే 10. ఇది ఆ మిక్సర్‌కు, ఆ పరిమాణపు ముద్దకు చెందిన సంఖ్య. ఇప్పుడు మే నెల. పిండి 36, గది 38, కుళాయి నీళ్లు 33. నీళ్లు అలాగే పోస్తే 36, 38, 33, 10 కలిపి 117, మూడుతో భాగిస్తే 39. ముద్ద 39 డిగ్రీలకు చేరుతుంది. 28 రావాలంటే 84లోంచి 36, 38, 10 తీసెయ్యాలి, మిగిలేది సున్నా. అంటే నీళ్లు సున్నా డిగ్రీల దగ్గర ఉండాలి. 10 కిలోల మైదాకు 6 లీటర్ల నీళ్లు అనుకుంటే, ఎంత మంచు అన్నది ఇంకో చిన్న లెక్క. కుళాయి నీటికీ కావలసిన నీటికీ తేడా 33. దాన్ని 33కు 80 కలిపిన మొత్తమైన 113తో భాగించి 6తో గుణిస్తే 1.75 వస్తుంది. ఆ 80 మంచు కరగడానికి పట్టే వేడికి గుర్తు. కాబట్టి కిలోముప్పావు మంచు, నాలుగుంపావు లీటర్ల నీళ్లు పోయాలి. మంచు తాగేనీటితో చేసింది కావాలి, బాగా చితక్కొట్టి మొదట్లోనే వెయ్యాలి. గడ్డలుగా మిగిలితే వాటి చుట్టూ పిండి తడవక తెల్లమచ్చలు పడతాయి. ఈ సూత్రం ఉజ్జాయింపుది. దానికి తోడు థర్మామీటరు ఉండాలి, పిండి బస్తాలను కొలిమికి ఆనించి కాక నీడలో పేర్చాలి.

39 డిగ్రీల ముద్దలో ఏమవుతుంది? గొలుసుల మధ్య ఉండే బలహీనమైన హైడ్రోజన్ బంధాలు వదులవుతాయి, ముద్ద మెత్తబడి అంటుకుంటుంది. అంటుకుంటోందని పనివాడు పొడిపిండి చల్లుతాడు. ఆ పొడి చుట్టలోకి చేరి క్రంబ్‌లో చారలుగా, గట్టి మడతలుగా మిగిలిపోతుంది. పిసుకుడు తన ఉత్తమ దశకు ముందే చేరి, ముందే దాటిపోతుంది. ఈస్ట్ ముక్కలు కోసేలోపే జోరందుకుంటుంది, కాబట్టి మొదట కోసిన ముక్కకూ చివర కోసిన ముక్కకూ పొంగులో తేడా వస్తుంది. అచ్చు ఒకటే, తూకం ఒకటే, రొట్టెలు మాత్రం ఎత్తులో వేరు. వేసవిలో బ్రెడ్డు పెద్ద చిల్లులతో, పుల్లటి వాసనతో రావడానికి ఈస్ట్‌ను తిట్టేవాళ్లు ముందుగా ముద్దలో థర్మామీటరు గుచ్చి చూడటం మంచిది.

రెండో స్థానిక చిక్కు నీరు. నీటిలోని కాల్షియం, మెగ్నీషియం గ్లూటెన్‌ను బిగిస్తాయి. ఓ మాదిరి కఠినజలం బ్రెడ్డుకు అనుకూలం. పశ్చిమ ప్రకాశంలో, కనిగిరి ప్రాంతంలో, బోరునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ కాబట్టి తాగడానికి శుద్ధిచేసిన నీరు వాడతారు. నీటిని శుద్ధిచేసే యంత్రం ఫ్లోరైడ్‌తోపాటు కాల్షియాన్నీ తీసేస్తుంది. అలాంటి నీళ్లతో కలిపిన ముద్ద కొంచెం బంకగా ఉంటుంది, నీళ్లు ఒకటి రెండు శాతం తగ్గించి, ఉప్పు సరిగా వేస్తే సర్దుకుంటుంది. మరీ కఠినమైన నీటితో ముద్ద మొండికేసి సాగకుండా ఉంటుంది, కాస్త ఎక్కువ నీళ్లు, ఎక్కువ విశ్రాంతి అడుగుతుంది. ఉప్పు రుచికి మాత్రమే కాదు. ప్రొటీన్ గొలుసుల మీద ఒకే రకం విద్యుదావేశాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, ఉప్పు ఆ నెట్టుడును తగ్గించి గొలుసులను దగ్గరకు చేరనిస్తుంది. పిండికి 2 శాతం లోపు ఉప్పు మామూలు, అది మరిచిపోయిన ముద్ద చేతిలోనే కారిపోతూ తెలిసిపోతుంది. డాల్డా లేదా నూనె మొదటే వేస్తే పిండిరేణువులకు అంటి ప్రొటీన్ తడవడాన్ని ఆలస్యం చేస్తుంది, ముద్ద సగం తయారయ్యాక వెయ్యడం మేలు. మన బేకరీ బ్రెడ్డులో పంచదార ఎక్కువ, అదీ నీటిని తనవైపు లాక్కుని గ్లూటెన్ తయారీని నెమ్మదింపజేస్తుంది. తియ్యటి బన్నుకు మామూలు బ్రెడ్డు కన్నా ఎక్కువసేపు పిసకవలసి రావడానికి కారణం ఇదే.

పిండి బలహీనంగా ఉంటే మందు వేసి బలపరిచే ఆచారం పాతది. గంధకపు బంధాలను పెంచడానికి పొటాషియం బ్రోమేట్ దశాబ్దాలపాటు వాడారు. క్యాన్సర్ ముప్పు మీద అనుమానాలతో 2016లో మన ఆహార భద్రతా సంస్థ దాన్ని అనుమతుల జాబితా నుంచి తొలగించింది. దాని స్థానంలో ఎక్కువగా వచ్చింది విటమిన్ సి. తమాషా ఏమిటంటే అది స్వతహాగా ఆక్సిజన్‌ను లాక్కునే పదార్థం. ముద్దలోని గాలి తగిలి రూపం మారాక, గంధకపు బంధాలను విప్పుతూ తిరిగే గ్లుటాథయాన్ అనే చిన్న అణువును అదుపు చేస్తుంది. అందువల్ల పెద్ద గొలుసులు చెక్కుచెదరకుండా ఉంటాయి. లక్షవంతుల పిండిలో కొన్ని వంతులే చాలు. గాలి చిక్కకుండా పిసికితే విటమిన్ సి తన పని చెయ్యలేదు.

చక్కీ గోధుమపిండితో బ్రెడ్డు ఎందుకు బరువుగా వస్తుందో ఇప్పుడు తేలికగా అర్థమవుతుంది. అందులో ప్రొటీన్ మైదా కన్నా తక్కువేమీ కాదు. తవుడు రేణువుల పదునైన అంచులు పలచని గ్లూటెన్ గోడకు అడ్డం పడి చిరుగులు తెస్తాయి. చక్కీ రాపిడికి పిండిపదార్థపు రేణువులు దెబ్బతిని నీటిని ఎక్కువగా పీల్చుకుంటాయి. అందుకని అలాంటి పిండికి ముందుగా నీళ్లు పోసి అరగంట నానబెట్టి, తవుడు మెత్తబడ్డాక నెమ్మదిగా పిసికితే ఫలితం మెరుగు. మైదా బ్రెడ్డంత తేలిక మాత్రం రాదు.

కొలిమిలో గ్లూటెన్ చివరి పని మొదలవుతుంది. వేడికి గ్యాసు వ్యాకోచించి, నీటిలో కరిగి ఉన్నదీ బయటికొచ్చి ముద్ద చివరిసారి పెరుగుతుంది. 60 డిగ్రీలు దాటాక పిండిపదార్థపు రేణువులు ఉబ్బుతూ గ్లూటెన్ పట్టుకున్న నీటిని తాము పీల్చుకుంటాయి. 75 డిగ్రీలు దాటే కొద్దీ గ్లూటెన్ గొలుసులు కొత్త గంధకపు బంధాలతో శాశ్వతంగా ముడిపడతాయి, ఇక సాగవు. సరిగ్గా ఈ సమయంలో గదుల గోడల్లో సన్నని చిల్లులు పడి గదులన్నీ ఒకదానికొకటి దారులు తెరుచుకుంటాయి. ఆవిరి, గ్యాసు బయటికి పోయి గాలి లోపలికి రావడానికి ఈ దారులు కావాలి. అవి తెరుచుకోకపోతే రొట్టె చల్లారేటప్పుడు లోపలి ఆవిరి కుంచించుకుని పక్కలు లోపలికి ముడుచుకుంటాయి. గోడలు గట్టిపడకముందే తెరుచుకుంటే రొట్టె కొలిమిలోనే కూలుతుంది. లోపలి ఉష్ణోగ్రత 93, 95 డిగ్రీలకు చేరితే క్రంబ్ నిలిచినట్టు.

చల్లారిన రొట్టెను కోసి చూస్తే పిసుకుడు చరిత్ర కనిపిస్తుంది. తక్కువ పిసికినదైతే రొట్టె ఎత్తు తక్కువ, గదులు మందపాటి గోడలతో చిన్నా పెద్దా కలిసి ఉంటాయి, వేలితో రాస్తే పొట్టులా రాలుతుంది, వెన్న రాసేటప్పుడు ముక్క చిరుగుతుంది. ఎక్కువ పిసికినదైతే పైచెక్కు కింద పెద్ద బొరియలు, అడుగున బిగుసుకున్న పొర, మధ్య జిగట. సరిగా పిసికినదైతే గదులు సన్నగా, పొంగిన దిక్కుకు కాస్త నిలువుగా సాగి ఉంటాయి. గోడలు పలచగా ఉండటంతో వెలుతురు వాటిలో చెదిరి క్రంబ్ తెల్లగా కనిపిస్తుంది. అదే పిండితో చేసిన ముతక గదుల రొట్టె మసకగా కనిపించడానికి కారణం రంగు కాదు, లోతైన గదుల నీడ. వేలితో నొక్కి వదిలితే సరైన ముక్క మళ్లీ పైకి లేస్తుంది.

మర్నాటికి ముక్క గట్టిపడితే ఆ తప్పు మాత్రం గ్లూటెన్‌ది కాదు. ఉడికిన పిండిపదార్థం చల్లారాక మళ్లీ స్ఫటికాలుగా కూడుకోవడమే దానికి కారణం. ఫ్రిజ్‌లో అది ఇంకా వేగంగా జరుగుతుంది, పెనం మీద వేడిచేస్తే కొంతసేపు వెనక్కి మళ్లుతుంది. అమ్ముడుపోని బ్రెడ్డును బేకరీలు ముక్కలు కోసి రెండోసారి కాల్చి రస్కు చేస్తాయి. రస్కు కరకరలాడుతూ విరగాలన్నా, టీలో ముంచగానే తడి లోపలిదాకా పాకాలన్నా గదుల గోడలు పలచగా, సమానంగా ఉండాలి. తక్కువ పిసికిన ముద్దతో చేసిన రస్కు ఒకచోట రాయిలా ఉంటుంది, ఇంకోచోట టీలోకి విరిగిపడుతుంది.